ఏప్రిల్ పక్కన ఎర్ర బాణం

గుంటూరు, తెనాలి, నరసరావుపేటల్లో మూడు దుకాణాలున్న బట్టల వ్యాపారం ఒకటి ఉందనుకుందాం. హెడ్డాఫీసులో అమ్మకాల డ్యాష్‌బోర్డ్ తెరిస్తే 2025 ఏప్రిల్ అమ్మకం 42 లక్షల రూపాయలని కనిపిస్తోంది. 2024 ఏప్రిల్‌లో అది 60 లక్షలు. పక్కనే కిందికి చూస్తున్న ఎర్ర బాణం, 30 శాతం తగ్గుదల. ఇలాంటి బాణం కనబడగానే బ్రాంచి మేనేజర్లకు ఫోన్లు వెళ్తాయి, సంజాయిషీలు మొదలవుతాయి. కూడికల్లో పొరపాటేమీ లేదు. కానీ ఆ పోలికే చెల్లదు.

ఎందుకు చెల్లదో సిబ్బంది తామే కనిపెట్టేలా గంటన్నర శిక్షణ తరగతిని ఈ ఒక్క చిక్కు చుట్టూ అల్లవచ్చు. అంకెలు సాధన కోసం కల్పించినవే అయినా క్యాలెండర్ మాత్రం నిజమైనది. పది మందికి మించకుండా, ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరు చొప్పున కూర్చోబెట్టాలి. రోజూ వాడే డ్యాష్‌బోర్డ్‌కు ఒక నకలు తీసి, అందులో కొత్త బిల్లులు చేరకుండా ఆపేయాలి. లేకపోతే తరగతి మధ్యలో అంకెలు మారిపోయి ఎవరి జవాబు సరైనదో తేలదు.

మొదటి ఇరవై నిమిషాలు ఎవరూ మౌస్ ముట్టుకోకూడదు. ఇది కాస్త మొండి నియమంలా కనిపిస్తుంది గానీ, దీన్ని సడలిస్తే అందరూ బొమ్మలు నొక్కడంలో పడి చదవడం మానేస్తారు. ఈ సమయంలో తెరమీది అంకెలు దేని గురించో కాగితం మీద రాయాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా? చివరిసారి డేటా ఎప్పుడు చేరింది? వాపసు వచ్చిన సరుకు తీసేశారా? అమ్మకంలో జీఎస్టీ కలిసి ఉందా?

ఆఖరి ప్రశ్న దగ్గర కొంచెం ఆగాలి. 2,000 రూపాయల ధర ఉన్న రెడీమేడ్ చొక్కా మీద 2025 సెప్టెంబర్ 21 దాకా పన్ను 12 శాతం, మర్నాటి నుంచి 5 శాతం. అంటే పన్నుతో కలిపి 2,240గా నమోదయ్యే అదే చొక్కా ఆ తర్వాత 2,100గా నమోదవుతుంది. అన్నే చొక్కాలు, అదే ధర, అయినా పన్ను కలిపి చూపే డ్యాష్‌బోర్డ్‌లో అమ్మకం ఆరు శాతానికి పైగా తగ్గినట్టు కనిపిస్తుంది. తెరమీద ‘అమ్మకాలు’ అన్న మాట ఒక్కటే ఉంటే, ఏవి కలిపారో తయారుచేసినవారిని అడగక తప్పదు.

తర్వాతి అరగంట ఫిల్టర్లది. ఇక్కడ మౌస్ చేతికిస్తారు, ఒక షరతుతో. ఏది నొక్కేముందైనా అంకె పెరుగుతుందో తగ్గుతుందో, సుమారుగా ఎంత ఉంటుందో ఊహించి రాయాలి. మూడు దుకాణాల మొత్తం 42 లక్షలైతే, తెనాలి ఒక్కటే ఎంచుకున్నప్పుడు అంతకన్నా తక్కువే రావాలి. తగ్గకపోతే ఆ ఫిల్టర్ ఈ అంకెకు తగల్లేదన్నమాట. ఇది అరుదేమీ కాదు. పవర్ బీఐ లాంటి సాధనాల్లో ఒక స్లైసర్ ఏయే బొమ్మల మీద పనిచేయాలో తయారుచేసేవారే నిర్ణయిస్తారు, కొన్నింటిని వదిలేయవచ్చు కూడా. నొక్కాక ఊహ రాసేవాళ్లకు ఈ తేడా ఎప్పటికీ పట్టుబడదు.

ఇంకో ఉచ్చు పాత ఫిల్టర్లు. నిన్న నరసరావుపేట ఎంచుకుని మూసేస్తే, ఆన్‌లైన్ పవర్ బీఐలో ఇవాళ కూడా అదే ఎంపికతో తెరుచుకోవచ్చు. చార్టులో ఒక కడ్డీని పొరపాటున నొక్కినా పక్క చార్టులు మారిపోతాయి. అందుకే శిక్షకుడు విరామంలో ఒక కంప్యూటర్‌లో చడీచప్పుడు కాకుండా ఫిల్టర్ పెట్టి వదిలేస్తాడు. తిరిగొచ్చిన జంట పక్కవాళ్ల మొత్తంతో పోల్చుకుని ‘మీకూ మాకూ తేడా ఎందుకొస్తోంది?’ అని అడిగితే పాఠం పనిచేసినట్టే.

ఇక మిగిలింది నలభై నిమిషాలు, ఎర్ర బాణం. ఏప్రిల్ ఎందుకు పడిందని అడిగితే మొదట వచ్చే జవాబులు ఎండలు, ఆన్‌లైన్ పోటీ, బేరాలు తగ్గడం. శిక్షకుడు వాదించకుండా రెండేళ్ల గోడ క్యాలెండర్లు బల్లమీద పెట్టాలి. 2024లో ఉగాది ఏప్రిల్ 9న, రంజాన్ పండగ ఏప్రిల్ 11న వచ్చాయి. 2025లో ఉగాది మార్చి 30న, రంజాన్ మార్చి 31న. బట్టలు కొనేది పండగకు ముందు కాబట్టి ఏప్రిల్ బేరం చాలావరకు మార్చిలోకి జరిగిపోయింది. తేదీ ఫిల్టర్‌ను మార్చి, ఏప్రిల్ రెండు నెలలకు పెంచితే 2024లో 105 లక్షలు, 2025లో 108 లక్షలు. పడిందనుకున్న వ్యాపారం దాదాపు మూడు శాతం పెరిగింది.

సంక్రాంతికి ఈ బాధ లేదు, ఏటా జనవరి నడుమే వస్తుంది. దసరా, దీపావళి మాత్రం ఇంతే. దీపావళి 2023లో నవంబర్ 12న, 2025లో అక్టోబర్ 20న వచ్చింది. పెళ్లి బట్టల అమ్మకానికైతే మూఢం ఎప్పుడు పడిందో కూడా చూసుకోవాలి. ఇవేవీ డ్యాష్‌బోర్డ్‌కు తెలియవు, కౌంటర్లో కూర్చునే మనిషికి తెలుసు.

ఇక్కడితో ఆపితే తరగతి సగంలో ఆగినట్టే. మొత్తం బాగుందని తేలాక లోపల చూడాలి. ఆ రెండు నెలలకే దుకాణాల వారీగా విడదీస్తే గుంటూరు 60 నుంచి 68 లక్షలకు, నరసరావుపేట 20 నుంచి 22కు పెరిగాయి. తెనాలి 25 నుంచి 18కి పడిపోయింది. పండగల సర్దుబాటు అయ్యాక కూడా మిగిలిన తగ్గుదల ఇది, కాబట్టి దీన్ని పట్టించుకోవాలి.

తెనాలి ఒక్కటే ఉంచి బిల్లుల సంఖ్య చూస్తే రెండేళ్లూ వెయ్యే. సగటు బిల్లు మాత్రం 2,500 నుంచి 1,800కు దిగింది. అంటే జనం వచ్చారు, కొన్నారు, తక్కువ ఖరీదువి కొన్నారు. సరుకు రకాల వారీగా ఫిల్టర్ మారిస్తే తగ్గిందంతా పట్టుచీరల్లోనే. అక్కడ డ్యాష్‌బోర్డ్ ఆగిపోతుంది. అమ్మినవి చూపిస్తుంది గానీ, అడిగితే లేవనిపించుకున్న చీరలు అందులో ఎక్కడా ఉండవు. ఇప్పుడు ప్రతి జంటా తెనాలి మేనేజర్‌ను అడగాల్సిన ప్రశ్న ఒకే వాక్యంలో రాయాలి. ‘మీ అమ్మకాలు ఎందుకు తగ్గాయి?’ అన్నది పనికిరాదు, దానికి సంజాయిషీయే జవాబుగా వస్తుంది. ‘ఉగాదికి ముందు రెండు వారాల్లో మీ దగ్గర పట్టుచీరల స్టాక్ ఎంత ఉంది?’ అన్నది పనికొస్తుంది. శిక్షకుడి దగ్గరున్న జవాబు చీటీలో చీరల మూటలు పండగ దాటాక తెనాలి చేరాయని ఉంటుంది.

వారం తర్వాత చిన్న పరీక్ష పెట్టాలి. ప్రతి ఒక్కరూ అసలు డ్యాష్‌బోర్డ్‌లోంచి ఒక దుకాణం ఒకరోజు మొత్తం తీసుకుని, ఆ రోజు బిల్లుల రిజిస్టర్‌తో సరిచూడాలి. తేడా వస్తే దాని కారణాన్ని రాసి తేవాలి. వాపసులా, పన్నా, రాత్రి పొద్దుపోయాక చేరిన బిల్లులా అన్నది చెప్పలేనివారికి ఫిల్టర్ల పాఠం కన్నా ముందు, మౌస్ ముట్టుకోని ఆ ఇరవై నిమిషాల పాఠమే మళ్లీ చెప్పాలి.