లాభం ఉంది, డబ్బు లేదు

పురుగుమందులు, విత్తనాలు అమ్మే ఒక దుకాణం అనుకుందాం. పోయిన ఏడాది అమ్మకాలు కోటి రూపాయలు, ఈ ఏడాది కోటీ 20 లక్షలు. బేరం పెరిగిందని యజమానికి సంతోషమే. కానీ ఏప్రిల్ మొదటి వారంలో డిస్ట్రిబ్యూటర్‌కి ఇచ్చిన చెక్కు వెనక్కి వచ్చింది. తప్పు ఎక్కడ జరిగిందో మార్చి 31 నాటి లెక్కల్లోనే ఉంది. చదవడం తెలియాలి, అంతే.

కామర్స్ పుస్తకం ముందుగా చెప్పేది కరెంట్ రేషియో. ఏడాదిలోగా డబ్బుగా మారాల్సిన ఆస్తులను, ఏడాదిలోగా తీర్చాల్సిన అప్పులతో భాగించడమే అది. మన దుకాణంలో ఆస్తులు 46 లక్షలు, అప్పులు 23 లక్షలు. రేషియో 2. పోయిన ఏడాదీ 40కి 20, అంటే 2 మాత్రమే. ఒకటి కంటే తగ్గితే గడువు అప్పులు తీర్చడం కష్టమని ఈ అంకె హెచ్చరిస్తుంది. టాండన్ కమిటీ 1975లో సూచించిన రెండో పద్ధతి ప్రకారం బ్యాంకులు 1.33 ఉన్నా సరిపోతుందనుకునేవి. ఆ లెక్కన మన దుకాణం నిక్షేపంలా ఉండాలి.

మరి చెక్కు ఎందుకు తిరిగొచ్చింది? ఆ 46 లక్షల్లో ఏమేం ఉన్నాయో విడదీసి చూడాలి. సరుకు 28 లక్షలు, రైతుల దగ్గర రావాల్సిన బాకీలు 16 లక్షలు, చేతిలోనూ బ్యాంకులోనూ కలిపి 2 లక్షలు. పోయిన ఏడాది సరుకు 18, బాకీలు 12, నగదు 10 లక్షలు. మొత్తం పెరిగింది కానీ నగదు కరిగిపోయి గోడౌన్‌లో పెట్టెలైంది. సరుకును పక్కన పెట్టి లెక్కించే క్విక్ రేషియో దీన్ని వెంటనే పట్టేస్తుంది. పోయిన ఏడాది 22ను 20తో భాగిస్తే 1.1, ఇప్పుడు 18ని 23తో భాగిస్తే 0.78. సరుకు అమ్ముడుపోకపోతే అప్పు తీరదన్నమాట. నిజానికి ఈ 0.78ని కూడా నేను పూర్తిగా నమ్మను. రైతుల బాకీ పంట చేతికొచ్చాకే వసూలవుతుంది. పత్తి దెబ్బతిన్న ఏడాది అది ఎప్పటికి వస్తుందో ఎవరూ చెప్పలేరు. నగదు ఒక్కటే చూస్తే రూపాయి అప్పుకి చేతిలో ఉన్నది సుమారు 9 పైసలు.

ఇక లాభాల సంగతి. అమ్మకాల్లోంచి సరుకు కొన్న ఖరీదు తీసేస్తే మిగిలేది స్థూల లాభం. అది రెండేళ్లూ 15 శాతమే: అప్పుడు 15 లక్షలు, ఇప్పుడు 18. ఇది పడిపోయి ఉంటే కొనుగోలు ధర పెరిగిందనో, పోటీకి తగ్గించి అమ్ముతున్నారనో అనుమానించాలి. ఇక్కడ అది పడిపోలేదు. నికర లాభం మాత్రం 5 లక్షల నుంచి 4 లక్షల 20 వేలకు, అంటే 5 శాతం నుంచి మూడున్నరకు దిగింది. స్థూలం నిలబడి నికరం జారిందంటే జబ్బు బేరంలో లేదు, ఖర్చుల్లో ఉంది. కొత్త గోడౌన్ అద్దె, అదనంగా పెట్టిన మనిషి జీతం, 7 లక్షల ఓవర్‌డ్రాఫ్ట్ మీద వడ్డీ కలిసి లాభాన్ని తినేశాయి. ఆ ఓవర్‌డ్రాఫ్ట్ ఎందుకు తీసుకున్నట్టు? అమ్ముడుపోని సరుకు కోసమే. పోయిన ఏడాది చివరి సరుకు 77 రోజుల అమ్మకానికి సరిపడేది, ఇప్పటిది 100 రోజులకు సరిపడేంత ఉంది. క్విక్ రేషియోని కిందికి లాగిందీ, నికర లాభాన్ని కొరికిందీ ఒకటే. అందుకే ఈ రెండు రకాల రేషియోలనూ విడివిడిగా చదవకూడదు.

అయితే రేషియో చేసేది భాగహారం మాత్రమే, ఇచ్చిన అంకె నిజమా కాదా అని అది అడగదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు రాసిన లేఖ ప్రకారం ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు, అందులో 5,040 కోట్లు లేనే లేవు. 2008 సెప్టెంబరు త్రైమాసికంలో 24 శాతంగా ప్రకటించిన నిర్వహణ లాభం నిజానికి 3 శాతమని ఆ లేఖలోనే ఉంది. అంత నగదు చూపించిన కంపెనీకి ఏ రేషియో అయినా అందంగానే వస్తుంది. బ్యాంకు నిల్వను కంపెనీ చూపిన కాగితంతో సరిపెట్టుకోకుండా నేరుగా బ్యాంకు నుంచే ధ్రువీకరించుకోవాలి.

చిన్న దుకాణంలో ఆ పని గోడౌన్‌లో మొదలవుతుంది. పురుగుమందు డబ్బా మీద గడువు తేదీ ఉంటుంది. పుస్తకంలో కొన్న ధరకే రాసిన 28 లక్షల సరుకులో 5 లక్షలది గడువు దాటిపోయిందనీ, కంపెనీ వెనక్కి తీసుకోదనీ తేలిందనుకుందాం. కరెంట్ రేషియో 1.78కి దిగుతుంది, అదేమంత భయపెట్టే అంకె కాదు. కానీ ఆ 5 లక్షలూ లాభంలోంచే పోవాలి. అప్పుడు 4 లక్షల 20 వేల లాభం కాస్తా 80 వేల నష్టమవుతుంది.