ఫ్లాష్ వెలిగిన చోటల్లా కట్ కాదు

పాత పెళ్లి క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించాక, దాన్ని షాట్లుగా విడదీసే పని సాఫ్ట్‌వేర్‌కి అప్పగించి చూడండి. జీలకర్ర బెల్లం ఘట్టంలో షాట్ ఒక్కటే ఉన్నా, డజను ముక్కలు చేసి పెడుతుంది. ఫొటోగ్రాఫర్ల ఫ్లాష్ వెలిగినప్పుడల్లా దృశ్యం మారిందనుకోవడమే కారణం.

అది దృశ్యాన్ని మనలా చూడదు. ఒక్కో ఫ్రేములో ఎంత ముదురు రంగు చుక్కలు, ఎంత లేత చుక్కలు ఉన్నాయో లెక్కగడుతుంది. ఆ లెక్కే హిస్టోగ్రామ్. పక్కపక్క ఫ్రేముల లెక్కల మధ్య తేడాను 0 నుంచి 1 వరకు కొలిచి, హద్దు దాటితే కట్ అంటుంది. మనుషులు కదిలినంత మాత్రాన రంగుల మొత్తం పెద్దగా మారదు కాబట్టి ఈ పద్ధతి చాలావరకు పనిచేస్తుంది.

చిక్కంతా హద్దు దగ్గరే. మామూలు ఫ్రేముల మధ్య తేడా 0.03 ఉందనుకుందాం. మండపం నుంచి భోజనాల పందిరికి కట్ పడితే 0.6 వస్తుంది. ఫ్లాష్ వెలిగితే 0.45, మరుసటి ఫ్రేములో ఆరిపోతే మళ్లీ 0.45. హద్దు 0.4 పెడితే ఒక్క ఫ్లాష్‌కి రెండు దొంగ కట్లు. 0.5కి పెంచితే ఫ్లాష్ తప్పుతుంది గానీ, ఒకే మండపంలో కోణం మారిన అసలు కట్లూ జారిపోతాయి. రంగులు అవే కదా!

అందుకే హద్దును అటూ ఇటూ జరపడం కన్నా, తేడా వచ్చాక ఏమైందో చూడడం మేలు. అనుమానపు చోటికి ముందు ఫ్రేమును, రెండు మూడు ఫ్రేముల తర్వాతి దానితో పోల్చాలి. ఫ్లాష్ అయితే పాత దృశ్యమే తిరిగొస్తుంది, తేడా మళ్లీ 0.03 దగ్గరకు పడిపోతుంది. కట్ అయితే 0.6 అలాగే నిలిచి ఉంటుంది. ఫ్లాషులు వరసగా మెరుస్తుంటే మాత్రం ఇంకొంచెం దూరం వెళ్లి పోల్చక తప్పదు.

ఫేడ్‌ది దీనికి పూర్తిగా ఎదురు సమస్య. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో దృశ్యం ఒక సెకను పాటు మెల్లగా నల్లబడితే, ఏ రెండు ఫ్రేముల మధ్యా తేడా 0.1 దాటకపోవచ్చు. 1993లో జాంగ్, కంకణహళ్లి, స్మోలియర్ దీనికి జంట హద్దుల పద్ధతి చెప్పారు. చిన్న హద్దు దాటగానే ఆ ఫ్రేమును గుర్తుపెట్టుకుని, తర్వాతి ఫ్రేములను దానితో పోలుస్తూ పోవాలి. పెరుగుతూ పోయిన ఆ తేడా పెద్ద హద్దు దాటితే అది కట్ కాదు, మెల్లగా జరిగిన మార్పు. కెమెరా పక్కకు తిరిగినా తేడాలు ఇలాగే పోగవుతాయి. అయితే ఫేడ్‌లో చివరికి చుక్కలన్నీ నలుపు దగ్గరే చేరతాయి, కెమెరా తిరిగితే అలా చేరవు.

ఇక్కడి అంకెలు ఉదాహరణకే. మీ వీడియోలో పది నిమిషాలు కళ్లతో చూసి కట్లు, ఫ్లాషులు, ఫేడ్లు విడివిడిగా రాసుకోండి. వాటి తేడాలు కొలిచాకే హద్దు పెట్టండి.