డిష్షా, కేబులా, నెట్టా?

కనెక్షన్ మార్చే ముందు ఒక వారం పాటు ఇంట్లో ఎవరు, ఏ గంటకు, ఏం చూస్తున్నారో రాసిపెట్టండి. ప్యాకేజీలో రెండొందల ఛానెళ్లున్నా, చిట్టాలో తేలేవి ఐదారే.

ఉదాహరణకు ఒక ఇల్లు. రాత్రి ఏడు నుంచి పది దాకా నాయనమ్మకు సీరియళ్లు, తాతయ్యకు వార్తలు, పిల్లలకు ఫోన్లో సినిమాలు. బ్రాడ్‌బ్యాండ్ ఎలాగూ ఉంది. తాతయ్య వార్తలు యూట్యూబ్ లైవ్‌లో ఉచితంగానే వస్తాయి. సీరియళ్లు యాప్‌లలోనూ దొరుకుతాయి, కానీ ఒక్కో ఛానెల్‌ది ఒక్కో యాప్. నాయనమ్మకు కావాల్సింది నంబరు నొక్కగానే వచ్చే బొమ్మ. కాబట్టి ఆమె టీవీకి ఒక సెట్‌టాప్ బాక్స్ ఉండాల్సిందే. అందులోనూ పెద్ద ప్యాక్ వద్దు. కావాల్సిన ఛానెళ్లను విడివిడిగా ఎంచుకునే హక్కు ట్రాయ్ నిబంధనల్లో ఉంది. రెండో టీవీకి మరో బాక్స్ తీసుకుంటే దానికీ నెలనెలా ఖర్చే.

ఇక ఏ బాక్స్? జోరువానకు డిష్ సిగ్నల్ కాసేపు పోతుంది. కానీ కరెంటు పోతే ఇంటి ఇన్వర్టర్‌తో అదే నడుస్తుంది. కేబుల్‌కైతే వీధిలోని పరికరాలకూ కరెంటుండాలి. ఫైబర్‌తో వచ్చే ఛానెళ్లు చవకే, అయితే నెట్ ఆగిన రోజు టీవీ, ఫోన్ రెండూ ఆగుతాయి.

ఈ ఇంటికి నా ఓటు చిన్న డిష్ ప్యాక్‌కే. సీరియళ్లు చూసేవాళ్లు లేని ఇంటికి స్ట్రీమింగ్ ఒక్కటి చాలు.