మైకు ఆపేసి ఆడే ఆటలు

ఎనిమిది మంది ఉన్న ఒక టీము అనుకుందాం. ముగ్గురు హైదరాబాద్‌లో, ఒకరు విశాఖలో, ఒకరు నరసరావుపేటలో అత్తగారింటి నుంచి, ఒకరు పుణేలో, ఇద్దరు డాలస్‌లో పనిచేస్తున్నారు. పదిహేనేళ్ల అనుభవం ఉన్న మేనేజరు ఉన్నారు, పోయిన నెలలో చేరిన ఫ్రెషరూ ఉంది. కంప్యూటర్ గేముల్లో ఆరితేరినవాళ్లు ఇద్దరైతే, ఫోన్‌లో క్యాండీ క్రష్ దాటి ఏదీ ఆడనివాళ్లు నలుగురు. వీళ్లందరినీ శుక్రవారం సాయంత్రం వీడియో కాల్‌లో కూర్చోబెట్టి ఆటలాడదామంటే, మాట్లాడే అలవాటున్న ఇద్దరే మాట్లాడతారు. మిగతావాళ్లు మైకు మ్యూట్‌లో పెట్టి నవ్వు మొహం చూపిస్తూ ఉంటారు. పక్కగదిలో పసిబిడ్డ నిద్రపోతుండవచ్చు, పీజీ హాస్టల్ గదిలో మరో ఇద్దరుండవచ్చు. వినికిడి తక్కువైనవాళ్లు ఉండవచ్చు. నలుగురిలో ఇంగ్లిష్‌లో గబగబా మాట్లాడటానికి జంకేవాళ్లూ ఉండవచ్చు.

అందుకని మాట అవసరమే లేని ఆటలు వెతుక్కుంటారు. అయితే ఎక్కువమంది మొదట పట్టుకునే ఆట skribbl.io. ఒకరు బొమ్మ గీస్తుంటే మిగతావాళ్లు అదేమిటో టైప్ చేయాలి. మాట్లాడక్కర్లేదన్నది నిజమే. కానీ ముందుగా సరైన జవాబు టైప్ చేసినవాళ్లకు ఎక్కువ పాయింట్లు, స్పెల్లింగ్ కూడా తప్పకూడదు. రోజంతా కీబోర్డు మీదే ఉండే కుర్రాడు రెండు సెకన్లలో కొట్టేస్తాడు. జవాబు తెలిసీ అక్షరాలు వెతుక్కునే అకౌంట్స్ ఆవిడ ప్రతిసారీ అట్టడుగునే ఉంటుంది. మూడు రౌండ్లు తిరిగేసరికి ఆవిడ ఆటలో ఉండదు, స్క్రీన్ ముందు మాత్రం ఉంటుంది. రకరకాల అనుభవం ఉన్న టీముకు వేగాన్ని కొలిచే ఆట పనికిరాదని నా గట్టి నమ్మకం. అందరి చేతులకూ ఒకేసారి పని ఉండాలి, ఎవరి వేగమూ మరొకరికి కనిపించకూడదు. ఈ రెండూ ఉన్న ఆట గార్టిక్ ఫోన్.

ఇది బ్రౌజర్లో ఆడే ఉచిత ఆట. చిరునామా garticphone.com. దేన్నీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు. ఒకరు గది తెరిచి లింకు పంపితే మిగతావాళ్లు ఒక పేరు రాసుకుని లోపలికి వస్తారు. చిన్నప్పుడు వరసగా కూర్చుని ఒకరి చెవిలో ఒకరు మాట చెప్పుకుంటూ పోతే చివరికి అది మరేదో అయిపోయే ఆట గుర్తుందా? ఇదీ అలాంటిదే, కాకపోతే ఇక్కడ చెవుల బదులు రాతలూ బొమ్మలూ.

మొదటి అంకంలో ఎనిమిది మందీ తలా ఒక వాక్యం రాస్తారు. రెండో అంకంలో ప్రతి వాక్యమూ మరొకరి దగ్గరికి వెళుతుంది, వాళ్లు దాన్ని బొమ్మగా గీస్తారు. మూడో అంకంలో ఆ బొమ్మ ఇంకొకరికి వెళుతుంది. వాళ్లకు అసలు వాక్యం కనిపించదు, బొమ్మ చూసి తమకు తోచింది రాస్తారు. ఆ రాత మళ్లీ బొమ్మ అవుతుంది. ఇలా ఎనిమిది అంకాలు. ఎనిమిది కథలూ ఒకేసారి నడుస్తుంటాయి కాబట్టి ఎవరూ తమ వంతు కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉండరు. బొమ్మ వంకరగా వస్తే నష్టమేమీ లేదు. నిజానికి బాగా గీసేవాళ్లు మరీ ఎక్కువైతే కథ మారకుండా అలాగే మిగిలి చప్పబడుతుంది.

ఒక కథను నడిపి చూద్దాం. విశాఖ ఆయన ఇలా రాశారు: ‘ఆవకాయ కలుపుతుంటే తాతయ్య కంట్లో కారం పడింది’. అది డాలస్‌కు వెళ్లింది. అక్కడి అమ్మాయి ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద వేలితో ఒక బోడిగుండు, ఒక జాడీ, కళ్ల దగ్గర నాలుగు నీటిబొట్లు గీసింది. జాడీ మీద చెయ్యి జారి ఒక అడ్డగీత పడింది. ఆ బొమ్మ అందుకున్న ఫ్రెషర్ ‘జాడీ పగిలిందని ఏడుస్తున్న ముసలాయన’ అని రాసింది. తర్వాతివాళ్లు పెంకులుగా పగిలిన కుండ పక్కన మనిషిని గీశారు, కన్నీళ్లు గీసేలోపు సమయం అయిపోయింది. దాన్ని చూసిన మేనేజరుకు కృష్ణాష్టమి గుర్తొచ్చి ‘ఉట్టి కొట్టిన కృష్ణుడు’ అని రాశారు. ఆ తర్వాత నెమలి పింఛం వచ్చింది, పింఛాన్ని చూసి ఎవరో నెమలి అన్నారు. ఎనిమిదో అంకానికి మిగిలింది కుండ మీద నిలబడ్డ నెమలి. తాతయ్య ఎక్కడా లేరు.

తప్పు ఎవరిదీ కాదు, అయినా అందరి చెయ్యీ అందులో ఉంది. మేనేజరు ఊహ కూడా ఫ్రెషర్ ఊహలాగే దారి తప్పిందని అందరూ చూస్తారు. హోదా పక్కన పెట్టండని ఎవరూ చెప్పకుండానే ఆ పని జరిగిపోతుంది.

మొదటి వాక్యం ఎలా ఉండాలన్నది ముందుగా చెప్పకపోతే ఈ ఆట చెడిపోతుంది. కొందరు ‘జీవితం చాలా విచిత్రమైనది’ అని రాస్తారు, దాన్ని గీయలేం. కొందరు సినిమా డైలాగు రాస్తారు. తెలుగు సినిమాలు చూడని పుణే సహోద్యోగికి అది వెళితే ఖాళీ కాగితం తిరిగొస్తుంది, ఆ కథ అక్కడితో ఆగిపోతుంది. ఒక మనిషి లేదా జంతువు, ఒక పని, ఒక చోటు లేదా వస్తువు. ఇంతే ఉండాలని ఒక నమూనా వాక్యం పంపితే చాలు. అందరికీ తెలిసిన భాషలోనే రాయాలి. అందరూ తెలుగువాళ్లయితే ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసుకున్నా ఆట చక్కగా సాగుతుంది. క్లయింట్ల పేర్లు, తోటివాళ్ల రూపురేఖలు, కులం, మతం వద్దని కూడా అప్పుడే చెప్పాలి. ఆట మొదలయ్యాక చెబితే ఎవరో ఒకరు నొచ్చుకుంటారు.

సమయం గురించి ఒక మాట. సెట్టింగుల్లో వేగం మార్చుకోవచ్చు. కొత్తవాళ్లున్నప్పుడు నెమ్మదిగా సాగేదే ఎంచుకోండి. పని ముగించినవాళ్లు పూర్తయిందని నొక్కేస్తారు, అందరూ నొక్కగానే తర్వాతి అంకం వస్తుంది కాబట్టి ఆలస్యమేమీ కాదు. వేగం ఎక్కువగా పెడితే మాత్రం సగం బొమ్మలు ఖాళీగా వెళతాయి. ఒక ఆటలో రెండుమూడు ఖాళీలు కనిపిస్తే వేగమే కారణమని గుర్తించి తర్వాతి ఆటకు తగ్గించండి.

అసలు నేర్పు కావలసింది చివర్లో. గది తెరిచినవాళ్లు ఒక్కో కథనూ మొదటి నుంచి అందరికీ చూపిస్తారు. మాటలతో ఆడితే ఇక్కడ నవ్వులు వినిపించేవి. ఇక్కడ నవ్వు కూడా టైప్ చేయాలి, దానికి ఐదారు సెకన్లు పడుతుంది. చాలామంది నిశ్శబ్దాన్ని చూసి ఎవరికీ నచ్చలేదనుకుని టకటకా ముందుకు తిప్పేస్తారు. ‘ఆ పింఛం నేనే గీశాను’ అని ఎవరో రాసేలోపు మూడో కథ వచ్చేస్తుంది. టీము చాట్‌ను పక్కనే తెరిచి పెట్టుకుని, అక్కడ సందేశాలు ఆగాకే తర్వాతి కథకు వెళ్లాలి. ఎనిమిది మందికి గీయడం, రాయడం పది పన్నెండు నిమిషాల్లో అయిపోతే, చూడటానికి ఇంకో పదిహేను నిమిషాలు ఉంచుకోండి. టీము కలిసిపోయేది ఆ పదిహేను నిమిషాల్లోనే. నచ్చిన కథను జిఫ్‌గా దాచుకునే వీలు కూడా ఉంది.

గీయడమంటేనే ఇష్టం లేనివాళ్లు ఎక్కువైతే కోడ్‌నేమ్స్ మంచిది. చెక్ దేశపు ఆటల రూపకర్త వ్లాదా ఖ్వాటిల్ 2015లో తయారుచేసిన బల్ల ఆట ఇది. 2016లో జర్మనీవారి ‘ఏటి మేటి ఆట’ పురస్కారం అందుకుంది. ఇప్పుడు codenames.game, horsepaste.com లాంటి చోట్ల బ్రౌజర్లోనే ఆడవచ్చు. బల్ల మీద 25 మాటలుంటాయి. రెండు జట్లు. ముందు ఆడే జట్టువి తొమ్మిది మాటలు, రెండో జట్టువి ఎనిమిది, ఏడు ఎవరివీ కావు, ఒకటి గండం. ఏ మాట ఎవరిదో ప్రతి జట్టులో క్లూ ఇచ్చేవాళ్లకు మాత్రమే తెలుసు. వాళ్లు తమ జట్టుకు ఒక మాట, ఒక అంకె మాత్రమే ఇవ్వాలి. గండం మాటను ముట్టుకున్న జట్టు అక్కడికక్కడే ఓడిపోతుంది.

horsepaste.com లో మన సొంత మాటల జాబితా ఇవ్వవచ్చు. అలా పెట్టిన బల్ల మీద మన జట్టు మాటలు గొడుగు, కప్ప, జలుబు అనుకోండి. చటుక్కున తోచే క్లూ ‘వాన 3’. కానీ గండం మాట పకోడి! వాన అనగానే మన జట్టులో సగం మంది వేలు పకోడి మీదికే పోతుంది. అందుకని క్లూ ఇచ్చేవాళ్లు కాసేపు ఆలోచించి ‘తడి 2’ అని ఇస్తారు. గొడుగు, కప్ప దొరుకుతాయి, జలుబును మరోసారికి వదిలేస్తారు. ఇందులో కీబోర్డు వేగానికి విలువ లేదు. ఎదుటివాళ్ల మనసు ఎటు పోతుందో ఊహించడమే ఆట. అందులో పాతికేళ్ల గేమరు కంటే యాభై ఏళ్ల హెచ్చార్ ఆవిడే ముందుండవచ్చు.

ముఖాముఖి ఆడితే క్లూ ఇచ్చినవాళ్ల కనుబొమ్మలు గుట్టు విప్పేస్తాయి. రాతలో ఆ ఇబ్బంది లేదు, కానీ చాట్‌లో బొటనవేలు బొమ్మ పెట్టడం కూడా గుట్టు విప్పడమే. క్లూ ఇచ్చాక తమ వంతు ముగిసేదాకా వాళ్లు ఏ బొమ్మా పెట్టకూడదు. మరో చిక్కు, చాట్‌లో మేనేజరు ‘కప్ప’ అని మొదట రాస్తే మిగతావాళ్లూ కప్పే అంటారు. తలా ఒకరు తమ ఊహను టైప్ చేసి పెట్టుకుని, ఎవరో ఒకరు ‘ఇప్పుడు’ అనగానే అందరూ ఒకేసారి పంపితే ఇది పోతుంది. ఇక horsepaste.com లో మాట మీద నొక్కగానే అది తెరుచుకుంటుంది, వెనక్కి తీసుకునే వీలు లేదు. అందుకని నొక్కే పని జట్టుకు ఒక్కరికే అప్పగించండి. క్లూ ఇవ్వడం కొత్తవాళ్లకు భారంగా ఉంటుంది. ఇద్దరిని జతగా పెట్టి, విడిగా చాట్ చేసుకుని తేల్చుకోమంటే ఆ భారం సగమవుతుంది.

కొన్ని ఆఫీసుల ల్యాప్‌టాప్‌లలో ఆటల సైట్లు తెరుచుకోవు. ముందురోజే లింకు పంపి చూసుకోమని చెప్పండి. రెండు ఆటలూ ఫోన్ బ్రౌజర్లో నడుస్తాయి, గీయడానికి టచ్‌ప్యాడ్ కంటే ఫోన్ తెరే సులువు.

డాలస్‌లో తెల్లవారేసరికి ఇక్కడ సాయంత్రమైపోతే, అందరూ ఒకేసారి కూర్చోవడం కుదరకపోతే, కోడ్‌నేమ్స్‌ను వారం పొడుగునా ఆడవచ్చు. ఒక షేర్డ్ స్ప్రెడ్‌షీట్‌లో ఐదు వరసల్లో 25 మాటలు రాసి, రంగుల జాబితాను క్లూ ఇచ్చే ఇద్దరికి మాత్రమే పంపాలి. హైదరాబాద్‌లో ఆఫీసు మూసే వేళకు ఒక జట్టు క్లూ పెడుతుంది, డాలస్‌వాళ్లు తమ పగటిపూట చాట్‌లో వాదించుకుని జవాబు రాసి పెడతారు. పొద్దున్నే ఇక్కడ క్లూ ఇచ్చినవాళ్లు ఆ గడికి రంగు వేసి, రెండో జట్టుకు వంతు ఇస్తారు.