మందుల కవరు చూశాకే డిప్రెషన్ మాత్ర

డెబ్బై దాటిన మనిషి డాక్టరు దగ్గరికి వస్తే వెంట ఒక ప్లాస్టిక్ కవరు కూడా వస్తుంది. బీపీకి ఒక మాత్ర, షుగర్‌కు రెండు, గ్యాస్‌కు పరగడుపున ఒకటి, మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకున్నది ఒకటి, ఎప్పుడో ఎవరో రాసిచ్చిన నిద్రమాత్ర ఒకటి. అలాంటి మనిషికి డిప్రెషన్ వస్తే ఏ మందు ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి అన్నదానికి జవాబులో సగం ఆ కవరులోనే ఉంటుంది. చాలాసార్లు దాన్ని విప్పి చూసేవాళ్లు ఉండరు.

పెద్దల వార్డుల్లో తరచూ కనిపించే సంగతులన్నిటినీ కలిపి ఒకే మనిషి కథగా చూద్దాం. ఆమెకు 74 ఏళ్లు, బరువు 44 కిలోలు. భర్త పోయి ఏడాది కావస్తోంది. నాలుగు నెలలుగా అన్నం సయించడం లేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. మనవలు వచ్చినా పలకరించడం లేదు, ఎందుకు బతికున్నానా అంటోంది. డాక్టరు ఎస్సిటాలోప్రామ్ 10 ఎంజీ, క్లోనాజిపామ్ 0.5 ఎంజీ కలిసిన మాత్ర రాశారు. మన దగ్గర విరివిగా అమ్ముడయ్యే జంట మాత్ర ఇది. డిప్రెషన్ ఉందన్న నిర్ధారణ సరైనదే. ఎస్సిటాలోప్రామ్ కూడా చెడ్డ మందు కాదు, పెద్దవాళ్లకు ముందుగా ఆలోచించే మందుల్లో అదొకటి.

పన్నెండో రోజుకు వికారం మొదలైంది. తల దిమ్ముగా ఉందంది. నడక తూలుతోంది, అడిగినదానికి పొంతన లేకుండా జవాబు చెబుతోంది. ఒక రాత్రి బాత్రూంకు లేచి గడప దగ్గర పడిపోయింది. అదృష్టవశాత్తు ఎముక విరగలేదు. "అత్తయ్యకు జబ్బు ముదిరిందండీ, డోసు పెంచాలేమో" అని కోడలు ఫోన్ చేసింది. అక్కడ మోతాదు పెంచి ఉంటే ఆమె ప్రాణం మీదికే వచ్చేది. అత్యవసర విభాగంలో తీసిన రక్తపరీక్షలో సోడియం 121 ఉంది. ఉండాల్సింది 135 నుంచి 145 మధ్య.

ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూక్సెటిన్ లాంటి ఎస్ఎస్ఆర్ఐ మందులు మెదడులో సెరటోనిన్ అనే రసాయనం అందుబాటును పెంచుతాయి. కొందరిలో ఆ ప్రభావం వల్ల, ఒంట్లో నీటిని పట్టి ఉంచే ఏడీహెచ్ హార్మోను అవసరానికి మించి విడుదలవుతుంది. కిడ్నీలు బయటికి పంపాల్సిన నీటిని లోపలే ఉంచేస్తాయి. చారులో నీళ్లు ఎక్కువైతే ఉప్పు చాలనట్టు, రక్తంలో సోడియం పలచబడుతుంది. ఒంట్లో ఉప్పు తరిగిపోవడం కంటే నీరు ఎక్కువ కావడమే ఇక్కడ అసలు సమస్య. అందుకే ఆవకాయ నాలుగు ముద్దలు ఎక్కువ తినిపించినా ఇది సర్దుకోదు. నీరసంగా ఉందని నీళ్లు, కొబ్బరినీళ్లు బలవంతంగా తాగిస్తే ఇంకా పడిపోతుంది.

అందరికీ ఇలా జరగదు. వయసు పైబడినవాళ్లకు, ఆడవాళ్లకు, సన్నగా ఉన్నవాళ్లకు, ముందే సోడియం అంచున ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ. అన్నిటికంటే ముఖ్యంగా అడగాల్సింది బీపీ మాత్ర గురించి. ఆమె కవరు విప్పితే టెల్మిసార్టాన్‌తో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర బయటపడింది. థయజైడ్ అంటే మూత్రం ద్వారా ఉప్పునూ నీటినీ పంపించే మందు. వయసు మళ్లినవాళ్లలో సోడియం పడేయడంలో దానికదే పేరుమోసింది. క్లోర్‌థాలిడోన్, ఇండపమైడ్‌లతోనూ ఇదే ఇబ్బంది. స్ట్రిప్ మీద బీపీ మందు పేరు పక్కన చిన్నగా 'హెచ్' అనో 'సీటీ' అనో ఉంటే ఇంట్లోవాళ్లు పెద్దగా గమనించరు. ఏళ్ల తరబడి థయజైడ్ వేసుకుంటూ, బీపీ అని చప్పిడి కూడు తింటూ, ఆకలి లేక అదీ సగమే తింటున్న 44 కిలోల మనిషికి ఎస్ఎస్ఆర్ఐ తోడైంది.

కవరులో ఇంకో సంగతి దొరికింది. ఆమె ఆరేళ్లుగా నిద్రకు క్లోనాజిపామ్ 0.5 ఎంజీ వేసుకుంటోంది. కొత్త జంట మాత్రలోనూ అదే ఉంది. ఎవరికీ తెలియకుండానే రాత్రి మోతాదు రెట్టింపయింది. వయసు మళ్లిన ఒంట్లో ఈ మందు తెల్లారే దాకా పనిచేస్తూనే ఉంటుంది. రాత్రి రెండింటికి లేచిన కాలు తడబడటానికి అదొక్కటే చాలు, దానికి సోడియం పతనం కూడా కలిసింది. సోడియం కాస్త తగ్గినా నడకలో నిలకడ పోతుంది. పడిపోయిన ప్రతి పెద్దమనిషికీ ఎక్స్‌రే తీస్తాం. దాంతోపాటు ఒక సోడియం పరీక్ష చేయించడం అంతే అవసరం. ఖర్చు కొద్దిగా, జవాబు కొన్ని గంటల్లో.

ఎస్ఎస్ఆర్ఐ వల్ల సోడియం పడిపోయేది ఎక్కువగా మొదటి రెండు నుంచి నాలుగు వారాల్లోనే. కాబట్టి మందు మొదలుపెట్టేముందు ఒకసారి, రెండో వారంలో ఒకసారి, నెలకు ఇంకోసారి, మోతాదు పెంచినప్పుడల్లా మరోసారి చూస్తే చాలావరకు ముందే పట్టుకోవచ్చు. చిక్కేమిటంటే దీని లక్షణాలన్నీ డిప్రెషన్‌లానే, మతిమరుపులానే ఉంటాయి. నీరసం, వికారం, తికమక, మగత. మందు మొదలుపెట్టిన రెండు మూడు వారాల్లో మనిషి హఠాత్తుగా మరీ మందకొడిగా మారితే, జబ్బు ముదిరిందనుకునేముందు రక్తం తీయాలి.

ఆమెకు ఎస్సిటాలోప్రామ్, థయజైడ్ రెండూ ఆపేశారు. తాగే నీళ్లు రోజుకు లీటరుకు కాస్త అటూ ఇటూగా కుదించారు. థైరాయిడ్, కార్టిసాల్, మూత్రంలో సోడియం పరీక్షలు చేసి వేరే కారణం లేదని చూసుకున్నారు. ఫిట్స్ రాలేదు, స్పృహ తప్పలేదు కాబట్టి గాఢమైన సెలైన్ అవసరపడలేదు. ఈ దశలో ఆదుర్దా ప్రమాదకరం. చాలా రోజులుగా తక్కువగా ఉన్న సోడియాన్ని ఒక్కసారిగా పైకి లాగితే మెదడు కాండంలోని నరాల పొర దెబ్బతిని, మనిషి మంచానికే పరిమితం కావచ్చు. అందుకే 24 గంటల్లో 8కి మించి పెరగకుండా ఆరేడు గంటలకోసారి పరీక్షిస్తూ వచ్చారు. ఐదో రోజుకు 134కు చేరింది. మాట స్పష్టమైంది. డిప్రెషన్ మాత్రం అలాగే ఉంది.

"ఈ మాత్రలు మాకు వద్దండీ" అనేశాడు కొడుకు. అతని భయం అర్థమయ్యేదే. కానీ తిండి మానేసి, చావు మాట ఎత్తుతున్న మనిషిని మందు లేకుండా వదలడమూ ప్రమాదమే. వైద్యం అందని డిప్రెషన్ కూడా పడిపోయే ముప్పును పెంచుతుంది. డిప్రెషన్ తేలికగా ఉన్నవాళ్లకు మాటలతో చేసే చికిత్సతో మొదలుపెట్టవచ్చు. ఈమె స్థితి ఆ హద్దు దాటిపోయింది. తిండీ నీళ్లూ పూర్తిగా మానేసే దశకు వస్తే పెద్దవాళ్లలో బాగా పనిచేసే కరెంటు చికిత్స గురించి కూడా ఆలోచించాల్సి ఉంటుంది.

మరి ఏ మందు? ఒక ఎస్ఎస్ఆర్ఐతో సోడియం పడిన మనిషికి అదే కుటుంబంలోని సెర్ట్రాలిన్ ఇస్తే మళ్లీ పడే అవకాశం ఉంది. మోకాళ్ల నొప్పులకూ కలిసొస్తుందని డ్యూలోక్సెటిన్ వైపు మనసు లాగుతుంది. కానీ అది కూడా సోడియం తగ్గిస్తుంది, తూలు తెస్తుంది. పాతకాలపు అమిట్రిప్టిలిన్ చవక, నిద్ర పట్టిస్తుంది, ఇప్పటికీ చాలామంది రాస్తున్నారు. అయితే వృద్ధుల్లో అది నోరెండిపోయేలా చేస్తుంది, మూత్రం బిగపడుతుంది, లేచి నిలబడగానే బీపీ పడిపోతుంది, మతి తప్పుతుంది. పెద్దవాళ్లకు వీలైనంతవరకు ఇవ్వకూడని మందుల పట్టిక ఒకటి అమెరికాలో 1991 నుంచి ఉంది. దాన్ని మొదట తయారుచేసిన డాక్టరు పేరుతో బీర్స్ ప్రమాణాలు అంటారు. అమిట్రిప్టిలిన్ అందులో ఉంది.

ఆమెకు మిర్టాజపిన్ ఎంచుకున్నారు. ఇది సోడియాన్ని అసలు ముట్టుకోదని కాదు, ముప్పు ఎస్ఎస్ఆర్ఐల కంటే తక్కువ. పైగా నిద్ర, ఆకలి తెప్పిస్తుంది. వేరొకరికి అవాంఛనీయమైన గుణాలివి, ఎండిపోయిన ఈ మనిషికి కావాల్సినవి. మొదటి మోతాదు రాత్రి 7.5 ఎంజీ. సోడియం వారానికోసారి చూస్తూ రెండు వారాల తర్వాత 15కు పెంచారు. దీనికీ మగత ఉంటుంది కాబట్టి క్లోనాజిపామ్‌ను దీనితోపాటు అలాగే ఉంచలేదు. ఏళ్లుగా వాడినదాన్ని ఒక్కరోజులో ఆపితే ఫిట్స్ రావచ్చు, నిద్ర పూర్తిగా చెదిరిపోవచ్చు. అందుకని ముందు పాత 0.5కు తెచ్చి, ఆపైన కొన్ని వారాలకోసారి పావు వంతు చొప్పున తగ్గించారు. బీపీకి థయజైడ్ బదులు ఆమ్లోడిపిన్, నొప్పులకు డైక్లోఫెనాక్ బదులు పారాసిటమాల్ వచ్చాయి. డైక్లోఫెనాక్ కూడా ఒంట్లో నీటిని నిలిపే రకమే. ఎస్ఎస్ఆర్ఐతో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పునూ పెంచుతుంది.

ప్రతి విజిట్‌లో ఆమెను ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూసి, నిలబెట్టాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ చూశారు. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే రాత్రిపూట పడే ప్రమాదం ఉన్నట్టే. "మామ్మగారూ, లేవగానే కళ్లు బైర్లు కమ్ముతున్నాయా?" అని నర్సు అడగడమూ ఈ పరీక్షలో భాగమే. బాత్రూం దారిలో రాత్రి దీపం పెట్టించారు, కాలికి తగిలే పట్టా తీయించారు.

మోతాదు విషయంలో రెండు వైపులా పొరపాట్లు జరుగుతాయి. సగం మోతాదుతో మొదలుపెట్టడం మంచిదే. ఎస్సిటాలోప్రామ్ అయితే 5 ఎంజీ, సెర్ట్రాలిన్ అయితే 25 సరిపోతాయి. ఎస్సిటాలోప్రామ్‌ను 65 దాటినవాళ్లలో గుండె లయ దృష్ట్యా 10కి మించనివ్వరు. కానీ భయంతో ఆ తొలి మోతాదులోనే నెలల తరబడి ఉంచేసి, మందు పనిచేయలేదని తేల్చేసేవాళ్లూ ఉన్నారు. నాలుగు వారాల్లో మార్పేమీ లేకపోతే పెంచాలి. పెద్దవాళ్లలో పూర్తి ఫలితం తేలడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు. ఆమె విషయంలో మూడో వారానికి నిద్ర కుదిరింది. ఏడో వారానికి తనంతట తాను మనవరాలి జడ అల్లింది. బరువు రెండు కిలోలు పెరిగింది, సోడియం 137.

మనిషి కోలుకున్నాక కూడా మందును మరో ఏడాదిపాటు కొనసాగించి, తర్వాత మెల్లగా తగ్గిస్తూ ఆపుతారు. ఈ ఏడాదిలో మందుల కవరు మారుతూనే ఉంటుంది. బీపీ పెరిగిందని వేరే డాక్టరు మళ్లీ థయజైడ్ రాయవచ్చు. నొప్పికి ట్రమడాల్ తోడైతే సెరటోనిన్ శృతిమించి వణుకు, జ్వరం, చెమటలు రావచ్చు. అందుకే ఆమె కొడుకు మందులన్నీ ఒక కాగితం మీద రాసి కవరులోనే పెట్టాడు. పైన ఎర్రటి సిరాతో 'ఎస్సిటాలోప్రామ్, థయజైడ్ కలిపి వాడినప్పుడు సోడియం 121' అని తేదీతో సహా రాసి, ఏ ఆస్పత్రికి వెళ్లినా ముందు ఆ కాగితమే చూపిస్తున్నాడు.