ఫాలోవర్లు పెరిగారు సరే, చీరలు అమ్ముడయ్యాయా?

క్వార్టర్ అనగానే మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది వేరే. ఇక్కడ మాట్లాడేది మూడు నెలల లెక్క గురించి. ఇంటెల్ కంపెనీలో ఆండీ గ్రోవ్ 1970ల్లో ఒక పద్ధతి పెట్టాడు. ఏం సాధించాలో ఒక వాక్యంలో రాసుకోవాలి, సాధించామని తేల్చే అంకెలు దాని కిందే రాసుకోవాలి. అక్కడ పనిచేసిన జాన్ డోర్ దాన్ని 1999లో గూగుల్‌కి పట్టుకెళ్లాడు. వేలమంది పనిచేసే కంపెనీల సంగతి సరే, ముగ్గురున్న సోషల్ మీడియా టీముకి ఇది ఎలా పనికొస్తుంది?

ఒక చీరల దుకాణం ఉందనుకుందాం. ఒకమ్మాయి రీల్స్ తీస్తుంది, ఇంకొకరు రాసి పోస్టు చేస్తారు, మూడో మనిషి వాట్సాప్‌లో బేరాలు చూసుకుంటాడు. యజమాని అడిగేది ఒక్కటే: "ఈసారి పదివేల మంది ఫాలోవర్లు కావాలి." అది లక్ష్యంలా కనిపిస్తుంది గానీ కాదు. ఒక చీర ఊరికే ఇస్తామని పోటీ పెడితే ఫాలోవర్లు వారంలో వచ్చిపడతారు, పోటీ అయ్యాక సగంమంది మన మొహం చూడరు.

అందుకే ముందు పాత లెక్క తీయాలి. పోయిన మూడు నెలల్లో వాట్సాప్‌కి 600 మంది ధర అడిగారు, 48 మంది కొన్నారు అనుకుందాం. అంటే వందకి 8 మంది. యజమానికి 80 ఆర్డర్లు కావాలి. ఇదే లెక్కన పోతే వెయ్యిమంది అడగాలి, రీల్స్ దాదాపు రెట్టింపు తీయాలి. చాలా టీములు ఇక్కడే కెమెరా పట్టుకుని పరిగెడతాయి.

కాస్త ఆగి ఆ 600 మందిని వేళల వారీగా విడదీయండి. రాత్రి ఎనిమిది దాటాక అడిగినవాళ్లు 250 మంది, కొన్నది 8 మంది. పగలు అడిగింది 350 మంది, కొన్నది 40 మంది. రాత్రి అడిగినవాళ్లకి జవాబు పొద్దున్నే వెళ్తోంది, అప్పటికి వాళ్లు ఇంకోచోట కొనేసి ఉంటారు. రాత్రివాళ్లు కూడా పగటివాళ్లలాగే కొంటే ఒక్క రీల్ కూడా అదనంగా తీయకుండా 20 ఆర్డర్లు పెరుగుతాయి. ఇంకో వందమంది చేత అడిగించగలిగితే 80 దాకా వెళ్లొచ్చు.

ఇప్పుడు లక్ష్యాలు వాటంతటవే తేలతాయి. రాత్రి పది వరకు వచ్చే ప్రతి మెసేజ్‌కి అరగంటలో జవాబు: ఇది వాట్సాప్ మనిషిది. అడిగేవాళ్లు 600 నుంచి 700కి: ఇది రీల్స్ తీసే అమ్మాయిది, రాసేవారిది. 80 ఆర్డర్లు ముగ్గురిదీ. రాత్రి పది దాకా కూర్చునేవాడిని పగలు ఆలస్యంగా రానివ్వకపోతే మొదటిది రెండు వారాలు కూడా నడవదు.

ఎవరు ఎక్కడినుంచి వచ్చారో తెలియాలంటే ఇన్‌స్టా బయోలో ఇలాంటి లింకు పెడితే చాలు:

```
https://wa.me/91XXXXXXXXXX?text=INSTA
```

X ల చోట దుకాణం నంబరు వేయాలి. దాన్ని నొక్కినవాళ్ల వాట్సాప్‌లో INSTA అనే మాట ముందే టైపు అయి ఉంటుంది. యూట్యూబ్‌కి ఇంకో మాట పెట్టుకోవచ్చు. రీల్ చూసి నేరుగా దుకాణానికి వచ్చేవాళ్లు మాత్రం ఇందులో పడరు. బిల్లు కౌంటర్లో "ఎక్కడ చూసి వచ్చారమ్మా?" అని అడిగి నోటుబుక్కులో గీత గీయడమే మార్గం.

అంకె పెట్టగానే మనిషి అంకెనే చూస్తాడు. అరగంట నిబంధన పెట్టిన రోజునుంచీ అందరికీ నిమిషంలో "నమస్తే మేడమ్" వెళ్తుంది, ధర మాత్రం పొద్దున్నే. కాబట్టి ధర, ఫొటో పంపినప్పుడే జవాబు ఇచ్చినట్టు లెక్కేయాలి. అంకెలు వాటంతటవి మారిపోయే సందర్భాలూ ఉంటాయి. యూట్యూబ్ షార్ట్స్‌లో 2025 మార్చి 31 నుంచి వీడియో మొదలైతే చాలు వ్యూ కింద లెక్కేస్తున్నారు. ఆ ముందు నెలలతో పోల్చి వ్యూస్ పెరిగాయని సంబరపడినవాళ్లు పొరపాటు పడ్డట్టే.

చీరల వ్యాపారంలో పంచాంగం కూడా లెక్కలోకి వస్తుంది. 2022లో శ్రావణం జులై 29న మొదలైంది. 2023లో అధిక శ్రావణం రావడంతో నిజ శ్రావణం ఆగస్టు 17కి జరిగింది. ఆ ఏడాది ఆగస్టు పదో తేదీన కూర్చుని నిరుటితో పోల్చుకున్న టీము, తప్పేమీ చేయకుండానే తల దించుకుని ఉంటుంది. తేదీతో కాదు, పండగతో పోల్చాలి.

ఆరో వారంలో ఒకసారి కూర్చుని చూడండి. రాత్రి జవాబులు వేళకి వెళ్తున్నా ఆర్డర్లు కదలకపోతే ఆలస్యం అసలు కారణం కాదన్నమాట, ధరలో తేడా ఉందేమో వెతకాలి. వారానికి నాలుగు ఆర్డర్లొచ్చే చోట ఒక వారం రెండొచ్చాయని మాత్రం లక్ష్యం మార్చకండి.