మీకు తెలుసా? గ్రూప్ ఫొటోలో ముఖం మార్చడానికీ హద్దులున్నాయి

పెళ్లి వేదికపై తీసిన గ్రూప్ ఫొటోలో వధువు మేనత్త కళ్లు మూసుకుని ఉండి, వెంటనే తీసిన మరో ఫ్రేములో తెరిచి ఉంటే, ఆ రెండో ముఖాన్ని మొదటి ఫొటోలో అతికించవచ్చు. ఈ సవరణనే ఫేస్ స్వాప్ అంటారు. రెండు ఫ్రేముల్లోనూ తల వంపు, వెలుగు వచ్చే దిక్కు, కెమెరా ఉన్న చోటు ఇంచుమించు ఒకటే అయినప్పుడే అతుకు తెలియదు. తల పక్కకు తిరిగి ఉంటే మెడ గీత కలవదు, ముక్కు నీడ పక్కవారి నీడకు భిన్నంగా పడుతుంది, ఒక్కోసారి చెవి జూకా సగమే మిగులుతుంది. ముందువారి భుజం చాటున పడిన ముఖం ఏ ఫ్రేములోనూ దొరకకపోతే, వేరే రోజు తీసిన ఫొటో నుంచి తెచ్చినా వెలుగూ స్పష్టతా పొసగవు కనుక, ఆ లోపాన్ని సహజంగా కనిపించేలా సరిదిద్దలేరు. అందుకే ఫొటోగ్రాఫర్లు అందరూ కదలకముందే వరుసగా నాలుగైదు ఫ్రేములు తీసి ఉంచుతారు.